కిటికీ పక్కన నెమలికంఠం చీర

ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముకునే ఆడవాళ్లని, పార్సిళ్లు ఎందుకు వెనక్కి వస్తాయని అడిగి చూడండి. నేత బాగాలేదనో, చిరుగు ఉందనో వచ్చే ఫిర్యాదులు ఉంటాయి గానీ, ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "ఫోటోలో చూసిన రంగు వేరండీ, చేతికొచ్చిన రంగు వేరు." కొన్నావిడ చెప్పింది నిజమే. అమ్మినావిడ మోసం చేయలేదన్నదీ నిజమే. తేడా అంతా ఫోటో తీసిన గదిలో పుట్టింది. ఆ గదిలో వెలుతురు ఎటునుంచి వచ్చింది, చీర వెనకాల, చుట్టుపక్కల ఏముంది అన్న రెండు విషయాలు సరిచేసుకుంటే, ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనుతోనే ఆ ఫిర్యాదుని చాలావరకు ఆపవచ్చు.

ఒక్క చీరని పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. మంగళగిరి నూలు చీర, నెమలికంఠం రంగు, నిజాం అంచు. కావాలనే కష్టమైనదాన్ని ఎంచుకున్నాను. నూలు వెలుతురుని పీల్చుకుంటుంది, మెరవదు. అంచులోని జరీ అద్దంలా తిప్పికొడుతుంది. ఇక నెమలికంఠం అంటే నిలువు పోగు ఒక రంగు, అడ్డపోగు ఇంకో రంగు, సాధారణంగా నీలమూ ఆకుపచ్చా. చూసే కోణం మారితే రంగే మారుతుంది. ఈ చీరని సరిగ్గా తీయగలిగితే చెక్కబొమ్మనీ పచ్చడి సీసానీ తీయడం తేలికే.

మామూలుగా ఈ ఫోటో ఎలా తీస్తారో ముందు చూద్దాం. పని అంతా అయ్యాక, రాత్రి, మంచం మీద ఎర్ర పూల దుప్పటి పరిచి ఉంటుంది. దాని మీదే చీర మడత పెడతారు. పైన ట్యూబ్‌లైటు, పక్కన పచ్చటి గుడ్డి వెలుగిచ్చే బల్బు, గోడకి చిలకపచ్చ రంగు. వెలుతురు చాలడంలేదని ఫోనులో ఫ్లాష్ కూడా వేస్తారు. తీరా చూస్తే చీర ముదురు నీలంగా కనిపిస్తుంది, ఆకుపచ్చ జాడే ఉండదు, జరీ మీద తెల్లటి మచ్చ పడి ఉంటుంది, నేత కనపడదు.

ఇందులో ఒక్కొక్క తప్పుకీ కారణం ఉంది. అన్నిటికంటే పెద్దది, చాలామంది ఊహించనిది, ఆ దుప్పటి.

ఫోను కెమెరాకి చీర అంటే ఏమిటో, దాని అసలు రంగేమిటో తెలియదు. ఫ్రేములో ఉన్నదంతా కలిపి చూసి, ఇక్కడి వెలుతురు ఎంత ఉంది, ఏ రంగులో ఉంది అని అంచనా వేస్తుంది. ఫ్రేములో సగం ఎర్ర దుప్పటే ఉంటే, వెలుతురే ఎర్రగా ఉందేమోనని ఆ ఎరుపుని తగ్గించడానికి మొత్తం ఫోటోని నీలం వైపు జరుపుతుంది. ఆ జరగడం దుప్పటి మీద పెద్దగా తెలియదు, చీర మీద తెలుస్తుంది. పచ్చని నీలం కాస్తా ఉత్త నీలం అయిపోతుంది. కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ అనేది ఫోటో అందంగా ఉండటానికి వెనకాల పెట్టే అలంకారం అనుకోవద్దు. ముందున్న వస్తువు ఏ రంగులో, ఎంత వెలుగుతో కనిపించాలో సగం నిర్ణయించేది అదే. రంగు లేని బ్యాక్‌గ్రౌండ్, అంటే తెలుపో బూడిదరంగో, పెడితే కెమెరా పొరబడే అవకాశం బాగా తగ్గుతుంది.

రెండో తప్పు, రెండు మూడు రకాల దీపాలు ఒకేసారి వేయడం. పచ్చటి బల్బు వెలుగు పసుపుకి దగ్గరగా ఉంటుంది, పగటి వెలుతురు నీలానికి దగ్గరగా ఉంటుంది, పాత ట్యూబ్‌లైటుకి ఎంతోకొంత ఆకుపచ్చ జీర ఉంటుంది. మన కన్ను వీటన్నిటినీ సర్దుకుని చూస్తుంది. కెమెరా మాత్రం ఫోటో మొత్తానికి ఒక్క సవరణే చేస్తుంది. చీర కుడివైపు కిటికీ వెలుతురు, ఎడమవైపు బల్బు వెలుతురు పడితే, ఒక వైపుని సరిచేసేసరికి ఇంకో వైపు చెడుతుంది. ఆ తర్వాత ఏ యాప్‌లో కూర్చుని దిద్దినా ఇది పోదు. మొత్తం ఫోటో ఒకే రకంగా తప్పితే దిద్దవచ్చు. ముక్కలు ముక్కలుగా తప్పితే మళ్లీ తీయడం తప్ప దారి లేదు. ఇది ముందే కనిపెట్టాలంటే చీర పెట్టేచోట ఒక తెల్ల కాగితం పరిచి ఫోనులో చూడండి. కాగితం ఒక అంచున పసుపుగా, ఇంకో అంచున నీలంగా కనిపిస్తే ఇంకా ఏదో దీపం వెలుగుతోందన్నమాట.

అందుకని మొదట చేయాల్సిన పని గదిలో లైట్లన్నీ ఆపేయడం. పగలు, ఎండ నేరుగా లోపలికి పడని కిటికీ పక్కన. ఉత్తరం వైపు కిటికీ అయితే రోజంతా దాదాపు ఒకేలాంటి మెత్తటి వెలుతురు వస్తుంది. తూర్పు కిటికీ అయితే ఎండ పక్కకి తప్పుకున్నాక, పడమర కిటికీ అయితే మధ్యాహ్నానికి ముందు. ఎండ తప్పదనుకుంటే కిటికీకి పలచటి తెల్ల పంచె కట్టండి. పంచె మీద పడ్డ ఎండ దాని వెడల్పంతా పరుచుకుని లోపలికి వస్తుంది. చిన్న సూర్యబింబం బదులు కిటికీ అంతే పెద్ద దీపం దొరికినట్టు. అయితే ఆ పంచె మరీ నీలిమందు పెట్టినది కాకుండా చూసుకోండి, వెలుతురులోకీ ఆ నీలం వస్తుంది.

వరండాలోనో డాబా మీద నీడలోనో తీస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. వెలుతురు బాగానే ఉంటుంది, కానీ చుట్టూ ఏముందో చూసుకోవాలి. పైన నీలాకాశం మాత్రమే కనిపించే నీడలో రంగులు నీలం వైపు పోతాయి. వేపచెట్టు కింద తీస్తే ఆకుపచ్చ వస్తుంది. ఎర్రమట్టి వాకిట్లో తీస్తే కిందినుంచి ఎరుపు ఎగదన్నుతుంది. గదిలోని చిలకపచ్చ గోడ చేసేదీ ఇదే పని. కిటికీ వెలుతురు ఆ గోడకి తగిలి, పచ్చరంగు పూసుకుని, చీర మీద పడుతుంది. గోడకి మళ్లీ సున్నం వేయలేం కాబట్టి, చీరకీ ఆ గోడకీ మధ్య తెల్లటిదేదైనా నిలబెట్టాలి. ఆ పనికి పుస్తకాల షాపులో దొరికే ధర్మాకోల్ షీటు చాలు.

ఇప్పుడు బల్ల సర్దుదాం. కిటికీకి రెండు మూడు అడుగుల దూరంలో, కిటికీ మనకి ఎడమవైపు వచ్చేట్టు ఒక బల్ల వేసుకోండి. కిటికీకి బాగా దగ్గరగా పెడితే ఒక వైపు తెల్లగా, ఇంకో వైపు చీకటిగా వస్తుంది. బాగా దూరం పోతే వెలుతురు చాలక ఫోటోలో గరుకుతనం మొదలవుతుంది. బల్ల మీద తెల్ల చార్టు పరిచి, దాని వెనక అంచుని గోడకో, నిలబెట్టిన అట్టకో టేపుతో అంటించండి. చార్టుని మడత పెట్టకండి, వంపు తిరిగేట్టు వదిలేయండి. మడత పడితే చీర వెనకాల ఒక గీత కనిపిస్తుంది, వంపు ఉంటే నేలకీ గోడకీ హద్దే తెలియదు. చీరకి కుడివైపు, అంటే కిటికీకి ఎదురుగా, ధర్మాకోల్ షీటు నిలబెట్టండి. కిటికీ నుంచి వచ్చి చీరని దాటిపోయిన వెలుతురుని అది వెనక్కి పంపి నీడవైపుని తేలిక చేస్తుంది. షీటుని దగ్గరికి జరిపితే నీడ పలచబడుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది. నీడ పూర్తిగా పోకూడదు. నేతలోని పోగులు కనిపించేదే పక్కనుంచి వచ్చే వెలుతురు వల్ల, ఒక్కో పోగుకి ఒక పక్క వెలుగు, ఇంకో పక్క చిన్న నీడ పడటం వల్ల. ఫ్లాష్ ఎదురుగా కొట్టి ఆ నీడని చెరిపేస్తుంది కాబట్టే ఆ ఫోటోల్లో చేనేత చీర కూడా మిల్లు గుడ్డలా కనిపిస్తుంది.

చీరని అంచు, కొంగు పైకి కనిపించేలా మడత పెట్టి చార్టు మీద ఉంచాం. ఇక జరీ సంగతి.

జరీ తనకి ఎదురుగా ఏముందో దాన్నే చూపిస్తుంది. ఎదురుగా ఫ్లాష్ ఉంటే ఫ్లాష్ మచ్చని చూపిస్తుంది. ఎదురుగా చీకటి గది ఉంటే నల్లబడి తుప్పు రంగులో కనిపిస్తుంది. ఎదురుగా అంతా తెల్ల షీటే ఉంటే వెండి జరీలా పాలిపోతుంది. బంగారు రంగు నిండుగా రావాలంటే అంచులో కొంత భాగానికి వెలుతురూ, కొంత భాగానికి చీకటీ కనిపించాలి. దీనికి సులువైన దారి ఒకటే. ఫోనుని కదపకుండా ఒక చేత్తో పట్టుకుని (గ్లాసుకి ఆనించి నిలబెడితే ఇంకా మంచిది), చీర కింద ఉన్న చార్టుని రెండో చేత్తో మెల్లగా తిప్పండి. ఒక కోణం దగ్గర అంచు ఒక కొసన వెలిగి, మెల్లమెల్లగా ముదురుతూ రెండో కొసకి పోతుంది. అక్కడ ఆపండి. నిజాం అంచులోని చిన్న చిన్న గోపురపు మొనలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయా అని స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకోండి. అన్నీ కలిసిపోయి ఒకే తెల్ల పట్టీలా ఉంటే ఇంకొంచెం తిప్పాలి. అయినా రాకపోతే ధర్మాకోల్ షీటు పక్కనే ఒక నల్ల చార్టు ముక్క నిలబెట్టి చూడండి. మొనల మధ్య నల్లటి గీత వచ్చి ఆకారం తేలుతుంది.

నెమలికంఠం రంగుకీ ఈ తిప్పడమే పనికొస్తుంది. ఒక కోణంలో నీలం పోగు ఎక్కువ కనిపిస్తుంది, పావు వంతు తిప్పితే ఆకుపచ్చ ఎక్కువ కనిపిస్తుంది. ఏది అసలు రంగు? రెండూ. అందుకని మొదటి ఫోటోకి రెండూ కలిసి కనిపించే కోణం వెతకండి. మడత పైభాగంలో ఒక రంగు, అంచు వంపులో ఇంకో రంగు కనిపిస్తే చాలు. తర్వాత నీలం తేలిన ఫోటో ఒకటి, ఆకుపచ్చ తేలిన ఫోటో ఒకటి విడిగా తీసి పెట్టండి. ఒక్క ఫోటోతో సరిపెట్టాలని చూసినప్పుడే ఈ రంగు చీరలు వెనక్కి వస్తాయి.

ఇక ఫోను నొక్కేముందు ఒక పని ఉంది, చాలామంది వదిలేసేది. తెల్ల చార్టు మీద ముదురు చీర పెట్టామా, కెమెరా ఆ తెలుపంతా చూసి ఇక్కడ వెలుగు మరీ ఎక్కువైందనుకుంటుంది. వెంటనే తగ్గిస్తుంది. దాంతో చార్టు బూడిదరంగులోకి, చీర నలుపులోకి పోతాయి. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ పెట్టినా తెల్లగా రావట్లేదని బాధపడేవాళ్లందరికీ జరిగేది ఇదే. స్క్రీన్ మీద చీర ఉన్నచోట వేలితో నొక్కి పట్టుకోండి. ఐఫోన్‌లో అయితే పైన AE/AF LOCK అని వస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తాళం గుర్తు కనిపిస్తుంది. పక్కనే చిన్న సూర్యుడి గుర్తు గానీ జరిపే గీత గానీ ఉంటుంది. చీర మీద నొక్కేసరికి వెలుగు ఒక్కసారిగా పెరిగిపోవచ్చు, కంగారు పడకుండా దాన్ని పైకో కిందికో జరుపుతూ చార్టు తెల్లబడేదాకా తీసుకురండి. ఎక్కడ ఆపాలంటే, చీర కింద చార్టు మీద పడిన పలచటి నీడ ఇంకా కనిపిస్తూ ఉండగా, జరీలోని మొనలు ఇంకా విడిగా తెలుస్తూ ఉండగా. అది దాటిపోతే జరీ వెలుగులో కరిగిపోతుంది, కరిగిపోయిన వివరాన్ని ఏ యాప్ కూడా తిరిగి తేలేదు. సందేహం ఉంటే కొంచెం తక్కువ వెలుగులోనే తీయండి. చీకటిని తర్వాత పెంచుకోవచ్చు.

మిగతావి చిన్నవే. కెమెరా అద్దాన్ని మెత్తటి బట్టతో తుడవండి, దాని మీద వేలిముద్ర ఉంటే ఫోటో అంతా పొగ కమ్మినట్టు వస్తుంది. ఫోనుని చీర మీదికి తీసుకెళ్లకుండా రెండడుగులు వెనక్కి జరిగి 2x లో తీయండి, మడతల గీతలు వంకర పోవు. రంగులు మరీ నిండుగా చూపించే Scene optimizer లాంటివి, ఫిల్టర్లు ఉంటే ఆపేయండి.

ఫోటో చేతికొచ్చింది. ఇప్పుడు దిద్దడం. Snapseed అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి దాంట్లో మూడు పనిముట్లు చాలు. ముందు White Balance తెరిచి, అందులోని పిచికారీ లాంటి గుర్తుని నొక్కి, దాన్ని చార్టు మీదికి జరపండి, మరీ తెల్లగా వెలిగిపోయిన చోటు కాకుండా కాస్త నీడ పడ్డ చోటుకి. "ఇది తెలుపు, మిగతా రంగులన్నీ దీన్నిబట్టి సర్దుకో" అని యాప్‌కి చెప్పడం అన్నమాట. రంగులేని చార్టు ఫ్రేములో ఉండటం ఇక్కడ రెండోసారి పనికొచ్చింది. ఎర్ర దుప్పటి మీద తీసుంటే చూపించడానికి తెలుపు ఎక్కడా ఉండేది కాదు. తర్వాత Tune Image లో Shadows కొద్దిగా పెంచితే మడతల లోపలి నేత కనిపిస్తుంది, Highlights కొద్దిగా తగ్గిస్తే జరీ నెమ్మదిస్తుంది. అక్కడే Saturation కూడా ఉంటుంది. దాని జోలికి పోకండి. చీర ఒక్కసారిగా కళకళలాడుతుంది, అదే కళ తర్వాత పార్సిల్‌ని వెనక్కి తెస్తుంది. చివరిగా Selective తో చార్టు మూలల్లో చుక్కపెట్టి వెలుగు పెంచితే మిగిలిన బూడిదరంగు పోతుంది, చీర మారదు.

వరస ముఖ్యం: ముందు రంగు, ఆ తర్వాత వెలుగు, చివర్లో బ్యాక్‌గ్రౌండ్. బ్యాక్‌గ్రౌండ్‌ని ముందే తెల్లగా చేసేస్తే రంగు సరిచూసుకోవడానికి ఆధారం పోతుంది.

బ్యాక్‌గ్రౌండ్ మొత్తం కత్తిరించి తీసేసే యాప్‌లు కూడా ఉన్నాయి. సీసా, డబ్బా లాంటి గట్టి అంచులున్న వస్తువులకి అవి బాగానే పనిచేస్తాయి. చీర దగ్గర మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. కొంగు చివర కుచ్చులని అవి పోగులు పోగులుగా గుర్తించలేక సగం మింగేస్తాయి, తెల్లగా మెరిసిన జరీని బ్యాక్‌గ్రౌండ్ అనుకుని కోసేస్తాయి. కింది నీడని కూడా తీసేయడంతో చీర గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది. వాడితే కుచ్చుల దగ్గర పెద్దది చేసి ఒకసారి చూడండి. అమెజాన్ సాధారణ నియమం ప్రకారం మొదటి ఫోటోకి స్వచ్ఛమైన తెలుపు బ్యాక్‌గ్రౌండ్ ఉండాలి, ఫ్రేములో వస్తువు కనీసం 85 శాతం నిండాలి, దాని మీద పేర్లూ ధరలూ రాయకూడదు. బట్టల్లాంటి విభాగాలకి విడిగా నియమాలు ఉంటాయి, ఫోటో తీసేముందే అవి చదువుకోవాలి. వాట్సాప్ గ్రూపులోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో అమ్మేవాళ్లకి ఈ బెడద లేదు. నన్నడిగితే అక్కడ కత్తిరించిన తెలుపు కంటే చార్టు మీది పలచటి నీడతో ఉన్న ఫోటోనే మేలు, చీర ఒకచోట ఆనుకుని ఉన్నట్టు, బరువు ఉన్నట్టు కనిపిస్తుంది.

పెట్టేముందు ఇంకో పరీక్ష. ఫోనుని చీర పక్కనే, అదే కిటికీ వెలుతురులో పట్టుకుని రెంటినీ కలిపి చూడండి. అయితే మీ ఫోను స్క్రీనే అబద్ధం చెబుతుండవచ్చు. రాత్రిపూట కళ్లకి హాయిగా ఉండేందుకు స్క్రీన్‌ని పసుపుగా మార్చే సౌకర్యం ఆన్‌లో ఉంటే ఆపండి. ఐఫోన్‌లో True Tone ఆపండి. సామ్‌సంగ్ ఫోన్లలో Screen mode దగ్గర Vivid ఉంటే Natural కి మార్చండి. Vivid లో ప్రతి రంగూ ఉన్నదానికంటే నిండుగా కనిపిస్తుంది, మీకు సరిపోయిందనిపించినది కొనేవాళ్ల ఫోనులో వెలిసిపోయి ఉంటుంది. వీలైతే ఇంట్లో ఇంకొకరి ఫోనులో, వేరే కంపెనీదైతే మరీ మంచిది, ఒకసారి చూడండి. రెండిట్లోనూ చీరకి దగ్గరగా ఉంటే చాలు. అన్ని ఫోన్లలో ఒకేలా కనిపించే ఫోటో అంటూ లేదు.

ఇంత చేసినా కొన్ని రంగులు లొంగవు. రాణి పింక్, నిండు ఎరుపు చీరల్లో ఎరుపు పాలు కెమెరా పట్టగలిగిన హద్దు దాటిపోతుంది, నేత కనపడక రంగు ముద్దలా వస్తుంది. వాటికి సూర్యుడి గుర్తుని కాస్త కిందికి లాగి, చార్టు కొంచెం బూడిదగా ఉన్నా పర్వాలేదనుకుని తీసి, తర్వాత వెలుగు పెంచాలి. వంగపండు రంగు చాలా ఫోన్లలో నీలంగా పడుతుంది, White Balance తో అది రాదు, ఎందుకంటే చార్టు తెల్లగా ఉండగానే చీర ఒక్కటే తప్పుతుంది. అప్పుడు ఫోటో మీద కుస్తీ పట్టడం మానేసి వివరాల్లో ఒక వాక్యం రాయండి: "ఫోటోలో నీలంగా కనిపిస్తుంది, అసలు రంగు వంగపండు." నెమలికంఠం చీర కింద కూడా, "రెండు రంగుల పోగుతో నేసింది, వెలుతురుని బట్టి నీలంగానో ఆకుపచ్చగానో కనిపిస్తుంది" అని రాసి, ఆ రెండు ఫోటోలూ పక్కపక్కనే పెట్టండి.